క్యాలెండర్ ఆర్డర్ల పుస్తకంలోనే ఉంది

కాకినాడలో మా వదినకు జాకెట్లు కుట్టే చిన్న కొట్టు ఉంది. రెండు మిషన్లు, సాయానికి ఒక అమ్మాయి, మధ్యాహ్నాలు వచ్చి హుక్కులు, కాజాలు కుట్టిపెట్టే ఒక పెద్దావిడ. ఎంత గింజుకున్నా వారానికి ముప్ఫై జాకెట్లు దాటవు. 2025 జూన్‌లో సెలవు మీద ఊరెళ్ళినప్పుడు వదిన నన్నొక మాట అడిగింది. "సోషల్ మీడియాలో ఏదో ఒకటి పెట్టమని అందరూ అంటున్నారు. నాకు వారానికి గంట కంటే కుదరదు. ఆ గంటలో ఏం చేయాలో చెప్పు."

ఎక్సెల్‌తోనే బతికేవాణ్ని కదా, ఆ రాత్రే నెలకు ముప్ఫై గళ్ళ చొప్పున ఆగస్టు దాకా పట్టిక ఒకటి తయారు చేశాను. రోజుకో పోస్టు, ఒక్కో రకానికి ఒక్కో రంగు. సోమవారం ఒక సూక్తి, మంగళవారం చిట్కా, బుధవారం కస్టమరు మాట, ఇంకా ప్రతి ప్రత్యేక దినానికీ ఒక శుభాకాంక్షల బొమ్మ. జూన్ 10న మొదలుపెట్టాం. జూన్ 15న జాకెట్ల కొట్టు తరఫున నాన్నలందరికీ శుభాకాంక్షలు చెప్పాం. 21న యోగా దినోత్సవం బొమ్మ పెట్టాం. అదే ఆఖరు పోస్టు. పన్నెండు రోజుల్లో పన్నెండు బొమ్మలు, దాదాపు పది గంటల పని, ఒక్క ఆర్డరు కూడా లేదు. యోగా బొమ్మకు మాత్రం లైకులు బాగానే వచ్చాయి, అన్నీ మా బంధువులవే.

వదిన నన్ను ఒక్క మాట అనలేదు. ఆర్డర్ల పుస్తకం తెచ్చి నా ముందు పెట్టి, "ఇందులో ఎప్పుడు ఏం కావాలో రాసే ఉంటుంది, నీ పట్టిక ఇది చూసి వేశావా?" అని అడిగింది. చూడలేదు. చిన్న వ్యాపారానికి కంటెంట్ క్యాలెండర్ వేయాలనుకునే చాలామంది నాలాగే బయటి నుంచి మొదలుపెడతారు. ఏ రోజు ఏ దినోత్సవం, ఏ పాట మీద రీల్స్ చేస్తున్నారు, పక్కవాళ్ళు ఏం పెడుతున్నారు అని చూస్తారు. వారానికి గంటే ఉన్నవాళ్ళకు అది పనికిరాదని నా వాదన. వాళ్ళ క్యాలెండర్ ఆర్డర్ల పుస్తకంలోనే ఉంటుంది. దాన్ని వెనక నుంచి ముందుకు చదవాలి, అంతే.

వెనక నుంచి చదవడమంటే ఏమిటో ఆ ఏడాది వరలక్ష్మీ వ్రతంతో చూపిస్తాను. వ్రతం ఆగస్టు 8, శుక్రవారం. నా పాత పట్టికలో ఆ రోజు గడిలో పసుపు రంగు వేసి "వ్రత శుభాకాంక్షలు" అని రాసుకున్నాను. కానీ ఆ రోజు ఉదయం జాకెట్టు కుట్టించుకోవాలనుకునే మనిషి ఎక్కడైనా ఉంటుందా? వదిన లెక్క వేరు. వ్రతానికి మూడు రోజుల ముందు, అంటే మంగళవారం ఆగస్టు 5న, జాకెట్టు చేతికివ్వాలి. వేసుకుని చూశాక చంక దగ్గర పట్టిందనో, మెడ జారిందనో అంటే సరిచేయడానికి ఆ రెండు రోజులు కావాలి. మగ్గం పని జాకెట్టయితే ముందు గుడ్డ మీద మెడ, చేతులు గీసివ్వాలి. దాన్ని చట్రానికి బిగించి కుట్టుపని చేసే ఆయనకు పది రోజులు పడుతుంది. ఆ పనంతా అయ్యాకే గుడ్డ కత్తిరించి జాకెట్టు కుడతారు. గీతకు ఒక రోజు, మగ్గానికి పది, కుట్టుకు మూడు, ఏదో ఒక అవాంతరానికి ఒకటి, మొత్తం పదిహేను రోజులు. ఆగస్టు 5 నుంచి పదిహేను వెనక్కి లెక్కపెడితే జూలై 21, సోమవారం. ఆ రోజు పొద్దున గీత మొదలవ్వాలంటే గుడ్డలు శనివారం 19 నాటికే కొట్టుకు చేరాలి.

మరి 19లోగా గుడ్డ తెచ్చే మనిషికి ఆ సంగతి ఎప్పుడు తెలియాలి? చీర కొనాలి, పనికి అంత ఖర్చు పెట్టాలా వద్దా అని ఇంట్లో మాట్లాడుకోవాలి, కొట్టుదాకా రావాలి. రెండు వారాలైనా పడుతుంది. అంటే మగ్గం జాకెట్ల మొదటి పోస్టు జూలై 3న పడాలి. పంచాంగం తీసి చూస్తే అది ఆషాఢం, జూన్ 26న మొదలైంది. ఆషాఢంలో కుట్టుపని మందంగా ఉంటుంది, చీరల దుకాణాల్లో మాత్రం తగ్గింపు ధరలకు జనం కిటకిటలాడుతుంటారు. వదినకు చేతినిండా పని లేని నెల, ఆవిడ కస్టమర్ల బీరువాల్లోకి కొత్త చీరలు చేరే నెల ఒకటే! నా పట్టికలో ఆ నెల సూక్తులు, చిట్కాలు తప్ప దాదాపు ఏమీ లేవు, ఎందుకంటే ఆషాఢంలో శుభాకాంక్షలు చెప్పే పండగలు పెద్దగా లేవు.

ఆ లెక్కన మగ్గం జాకెట్ల పోస్టులు జూలై 3న, 10న రెండు వచ్చాయి. 17న మూడోది, "శనివారం వరకే". 20వ తేదీ ఆదివారం నుంచి మగ్గం మాట మానేసి మామూలు లైనింగ్ జాకెట్ల సంగతి ఎత్తుకున్నాం. వాటికి ఏడు రోజులు చాలు కాబట్టి గడువు 28. అయితే 25వ తేదీ శుక్రవారానికే పుస్తకం నిండిపోయింది. ఆ సాయంత్రమే "వ్రతం ఆర్డర్లు నిండాయి, ఇకపై తీసుకునేవి ఆగస్టు 12 తర్వాతే ఇస్తాం" అని స్టేటస్ పెట్టించాను. పెట్టడానికి వదిన మనసు ఒప్పుకోలేదు. వచ్చే బేరాన్ని మనమే పొమ్మంటున్నట్టు ఉంటుందట. కానీ ముప్ఫై కుట్టగలిగే కొట్టు నలభై ఒప్పుకుంటే ఆ పది జాకెట్లూ ఏమవుతాయో ఆవిడకూ తెలుసు. వ్రతం నాటి ఉదయం కొట్టు ముందు కోపంగా నిలబడే పదిమంది అవుతాయి. కుట్టలేని వారంలో ఆర్డర్లు అడిగే పోస్టు పెట్టకూడదన్న నియమం నేను చూసిన ఏ క్యాలెండర్ నమూనాలోనూ లేదు. చేతిపని అమ్ముకునేవాళ్ళకు అన్నిటికంటే ముందు కావలసింది అదే.

పెద్ద లెక్క అది. వారం లెక్క ఇంకా తేలిక. మా వారానికి మూడే గళ్ళు.

సోమవారం పొద్దున "ఇప్పుడిస్తే ఎప్పటికి" అనే గడి. ఒకే వాక్యం, వాట్సాప్ స్టేటస్‌లోనూ, ఇన్‌స్టాగ్రామ్ స్టోరీలోనూ. "ఈ వారం ఇచ్చిన లైనింగ్ జాకెట్లు వచ్చే బుధవారానికి, మగ్గం జాకెట్లు 24కి." బొమ్మ కూడా అక్కర్లేదు. సుద్దతో నల్ల గుడ్డ మీద రాసి ఫోటో తీస్తుంది వదిన. ఇంత చప్పగా ఉన్న పోస్టు ఎవరు చూస్తారని మొదట నేనే అన్నాను. కొట్టుకు వచ్చేవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న "ఎప్పటికిస్తారు?" అన్నదే కాబట్టి, అన్నిటికంటే ఎక్కువ పని చేస్తున్నది అదే.

గురువారం సాయంత్రం పూర్తయిన ఒక జాకెట్టు. ఆదివారం ఒక ప్రశ్నకు జవాబు. ఆదివారం ఎందుకంటే కొట్టు మూసి ఉంటుంది, కస్టమర్లు ఇళ్ళలో ఉంటారు, బీరువా తెరిచి చూసుకునే తీరిక ఉంటుంది. సోమవారం గుడ్డ పట్టుకుని వస్తారు. ప్రశ్నల కోసం వెతుక్కోవలసిన పని లేదు, గల్లా మీద ఒక కాగితం ఉంచాం. ఎవరేం అడిగినా వాళ్ళ మాటల్లోనే రాయాలి. కొలతకు ఏ జాకెట్టు తేవాలి? మనసుకు నచ్చింది కాదు, ఇప్పుడు ఒంటికి సరిపోతున్నది తేవాలి. లైనింగ్ గుడ్డ ముందే ఎందుకు తడుపుతారు? నూలు లైనింగ్ మొదటి ఉతుకుకే కుదించుకుపోతుంది, పైనున్న పట్టు అంతగా కుదించుకోదు, అప్పుడు జాకెట్టంతా ముడతలు పడుతుంది. లోపల కుట్టులో గుడ్డ ఎంత వదులుతారు? చీరతో వచ్చిన ముక్కలో పొడుగు చేతులు వస్తాయా? ఇలాంటివి ఇరవై పోగయ్యాయి, అంటే ఇరవై ఆదివారాలు. ఆ తర్వాత మళ్ళీ మొదటి ప్రశ్న నుంచి మొదలుపెట్టవచ్చు. ఐదు నెలల కిందటి జవాబు ఎవరికి గుర్తుంటుంది?

ఇక గంట సంగతి. ఆ గంటను ఒకేసారి కూర్చుని ఖర్చు పెట్టాలన్నది నా మొదటి పొరపాటు. ఫోటో మాత్రం జాకెట్టు చేతిలో ఉన్నప్పుడే తీయాలి, బుధవారం దాకా ఆగితే జాకెట్టు కస్టమరు ఇంట్లో ఉంటుంది. అందుకని వారంలో పది నిమిషాలు ఫోటోలకు, ఇస్త్రీ అయ్యాక సంచిలో పెట్టేముందు ఒక్కోదానికి నిమిషం లోపే. బుధవారం భోజనాలయ్యాక, వీధి సద్దుమణిగిన వేళ, ముప్ఫై నిమిషాలు కూర్చోవడం. ఆ ముప్ఫైలో రెండు ఫోటోలు ఎంచి, నాలుగు వాక్యాల చొప్పున రాసి, గురువారానికి ఒకటి, ఆదివారానికి ఒకటి షెడ్యూల్ చేసేయాలి. ఇన్‌స్టాగ్రామ్‌లో వ్యాపార ఖాతా ఉంటే 75 రోజుల ముందుదాకా షెడ్యూల్ చేసుకోవచ్చు, డబ్బు కట్టనక్కర్లేదు. ఫేస్‌బుక్ పేజీ కూడా ఉన్నవాళ్ళు మెటా బిజినెస్ సూట్‌లో రెండిటికీ ఒకేసారి పెట్టుకోవచ్చు. స్టేటస్ మాత్రం వదిన సోమవారం చేత్తోనే పెడుతుంది. ఇంకో పదిహేను నిమిషాలు జవాబులకు, సోమ, గురు, శని మూడు రోజులూ ఐదేసి నిమిషాలు. మిగిలిన ఐదూ శనివారం రాత్రి లెక్క రాసుకోవడానికి.

జవాబులకు పదిహేను నిమిషాలు సరిపోతాయా అని అనుమానం రావచ్చు. మొదట్లో సరిపోలేదు. ప్రతి ఫోటో కింద "ధర ఎంత?" అని పదిమంది అడగడం, వాళ్ళందరికీ విడివిడిగా జవాబు ఇవ్వడం, జవాబు అందుకున్నాక అందులో ఎనిమిదిమంది మళ్ళీ మాట్లాడకపోవడం. "ధర కోసం మెసేజ్ చేయండి" అని రాస్తే జనం మాట కలుపుతారు, బేరం కుదురుతుంది అంటారు కొందరు. మనిషిని పెట్టి మెసేజ్‌లు చూపించుకునే దుకాణానికి అది చెల్లుతుందేమో. గంట ఉన్నవాళ్ళకు ధర దాచడమంటే తమ గంటను తామే దొంగిలించుకోవడం. ధర రాయడం మొదలుపెట్టాక అడిగేవాళ్ళు తగ్గారు, వచ్చేవాళ్ళు తగ్గలేదు. ఇప్పుడు మా గురువారం పోస్టు ఇలా ఉంటుంది:

"మెరూన్ పట్టు జాకెట్టు. మోచేతి వరకు చేతులు, వెనక కుండ మెడ, లోపల నూలు లైనింగ్. కుట్టుకూలి 550. గుడ్డ ఇచ్చాక ఏడు రోజులు. కొలత జాకెట్టు తప్పక తెండి."

ఇందులో పొగడ్త మాట ఒక్కటి కూడా లేదని గమనించండి. "అద్భుతమైన", "మీ అందానికి మెరుగులు దిద్దే" లాంటివి నేను రాస్తే వదిన కొట్టేసింది. ఆవిడ ఇప్పుడు మూడు నిమిషాల్లో ఒకటి రాస్తుంది, ఎందుకంటే రసీదు రాసినట్టే రాస్తుంది.

ఫోటో దగ్గర కాస్త ఆగాలి, మా పోస్టులు బాగుపడింది అక్కడే. కొట్టు లోపల ట్యూబులైటు కింద తీస్తే మెరూన్ నల్లగా, ఆకుపచ్చ బూడిద రంగులో పడేది. ఫ్లాష్ వేస్తే జరీ తెల్లటి మరకలా మారిపోయేది, మగ్గం పనిలో రాళ్ళు తప్ప దారం కనబడేది కాదు. చివరికి దొరికిన చోటు గుమ్మం లోపలి వైపు గోడ. ఉదయం పది గంటలకు వీధి వెలుతురు పక్క నుంచి పడుతుంది, ఎండ మాత్రం తగలదు. అక్కడొక మేకు కొట్టి, హేంగరుకు తగిలించి, వెనక వైపు ఒకటి, చెయ్యి దగ్గర నుంచి ఒకటి తీస్తారు. తీసేముందు తెర మీద జరీ ఉన్న చోట వేలితో తాకి, వెలుగును కొద్దిగా కిందికి లాగితే దారం దారంగా కనబడుతుంది. వెనక వైపే ఎందుకంటే జాకెట్టు పనంతా వీపు మీదే ఉంటుంది, పైగా ఎవరి ముఖమూ అక్కర్లేదు.

ఫోటోల్లోనే ఒక దెబ్బ తిన్నాం. ఆగస్టులో ఒక పెళ్ళికూతురి జాకెట్టు, మూడు వారాల మగ్గం పని, చాలా బాగా వచ్చింది. సంబరం ఆపుకోలేక ఆ గురువారమే పెట్టేశాం. పెళ్ళి ఆ తర్వాతి బుధవారం. శుక్రవారం పొద్దున్నే పెళ్ళికూతురి తల్లి వచ్చింది. అరవలేదు కానీ, "మా వియ్యాలవారు పెళ్ళిపందిట్లో చూడవలసినదాన్ని ఫోన్లో చూశారమ్మా" అంది. వదిన తల దించుకుంది. అప్పటి నుంచి పుస్తకంలో పెళ్ళి జాకెట్లకు పక్కనే పెళ్ళి తేదీ కూడా రాస్తున్నారు. ఆ తేదీ దాటాక, వాళ్ళనొకమాట అడిగాకే పోస్టు. దీనివల్ల మేం అనుకోని లాభం ఒకటి జరిగింది. ఎప్పుడూ మూడు నాలుగు ఫోటోలు నిలవ ఉంటున్నాయి. కరెంటు లేక పని సాగని వారంలోనూ, మగ్గం ఆయన సొంత ఊరు వెళ్ళిన వారంలోనూ గురువారం గడి ఖాళీగా పోలేదు.

రీల్స్ ఎందుకు లేవని అడుగుతారు. చేశాను ఒకటి. కత్తిరింపు నుంచి హుక్కులదాకా, నలభై సెకన్లు, నాకు మూడు గంటలు పట్టింది. అంటే వదిన వాటాలో మూడు వారాలు. పైగా వ్యాపార ఖాతాకు మారాక చాలా సినిమా పాటలు వాడుకునే వీలుండదు, ఆ సంగతి తెలియక ఎంచిపెట్టుకున్న పాట పోయింది. ఇప్పుడు ఎప్పుడైనా పెడితే పైపింగ్ కుడుతున్న మిషను, దాని చప్పుడు, పదిహేను సెకన్లు. కత్తిరింపులు, అతికింపులు ఏమీ ఉండవు. రోజూ పోస్టు పెట్టకపోతే జనం మరిచిపోతారన్న మాటలో నిజం లేకపోలేదు. కానీ ఆ మాట లక్షమందికి చేరాలనుకునేవాళ్ళది. వదినకు కావలసింది వారానికి ముప్ఫై జాకెట్లు, అదీ రిక్షా దూరంలో ఉన్నవాళ్ళవి.

ఈ రిక్షా దూరం వల్లే మా గంటలో పెద్ద వాటా వాట్సాప్ వైపు జరిగింది. శనివారం లెక్క చెప్పింది అది. ప్రతి కొత్త ఆర్డరు పక్కన ఒక అక్షరం రాస్తాం. పాత కస్టమరు అయితే "పా", స్టేటస్ చూసి వస్తే "స్టే", ఇన్‌స్టాగ్రామ్ అయితే "ఇ", దారిన పోతూ బోర్డు చూసి వస్తే "దా". అడగడానికి పట్టేది ఒక్క క్షణం, "ఎలా తెలిసిందమ్మా?" అని. ఒక వారం పేజీ ఇప్పుడు నా ముందు ఉంది. ఇరవై రెండు ఆర్డర్లు, అందులో పదమూడు "పా", ఆరు "స్టే", రెండు "దా", ఒకటి "ఇ". లైకులు చూసుకుంటే ఇన్‌స్టాగ్రామే ముందుంది. పుస్తకం చూసుకుంటే ఆరుకు ఒకటి.

అయితే స్టేటస్‌లో ఒక మెలిక ఉంది. మన నంబరు వాళ్ళ ఫోన్లోనూ, వాళ్ళ నంబరు మన ఫోన్లోనూ సేవ్ అయి ఉంటేనే అది కనబడుతుంది. మొదటి నెలలో స్టేటస్ చూసినవాళ్ళు పాతికమంది కూడా లేకపోవడానికి కారణం అదే. వదిన దగ్గర నంబర్లన్నీ పుస్తకంలోనే ఉన్నాయి, ఫోన్లో లేవు. రోజుకు పది చొప్పున నేనే ఎక్కించాను, పేరు పక్కన కొలతల పేజీ సంఖ్యతో సహా. కొత్తవాళ్ళకు రసీదు ఇచ్చేటప్పుడే "మా నంబరు సేవ్ చేసుకోండి, జాకెట్టు అయ్యాక ఫోటో పంపిస్తాం" అంటుంది. ఫోటో కోసమని అందరూ చేసుకుంటారు.

ఊళ్ళకు పార్సిళ్ళు పంపే వ్యాపారానికి ఈ పద్ధతి యథాతథంగా సరిపోదు. అక్కడ కొత్త మొహాలే ఎక్కువ కాబట్టి స్టేటస్‌కు అంత బలం ఉండదు, నమ్మకం కలిగించే పోస్టులు ఇంకా కావాలి. వెనక నుంచి లెక్కపెట్టడం మాత్రం అక్కడా అంతే, కుట్టే రోజులకు పార్సిల్ వెళ్ళే రోజులు కలుపుకోవాలి.

ఇంకొక్క నియమం ఉంది, అది వదినదే. ఒక వారం కుదరకపోతే మరుసటి వారం రెండింతలు పెట్టకూడదు. పోయిన గడి పోయినట్టే. నా రంగుల పట్టిక పడిపోయింది సగం ఆ బాకీల వల్లనే. మూడు రోజులు తప్పితే ఆరు బొమ్మలు చేయాలి, ఆరు చేయలేక తొమ్మిది బాకీ పడేది.

మొన్న వెళ్ళినప్పుడు కొట్టులో కూర్చుని ఉన్నాను. వదిన గుమ్మం దగ్గర ఒక జాకెట్టు మేకుకు తగిలించి ఫోటో తీస్తోంది. ఒకావిడ స్కూటరు దిగి, రెండు గుడ్డలు, కొలత జాకెట్టు గల్లా మీద పెట్టింది. పుస్తకం తిరగేసిన సహాయకురాలు "ఈ వారం నిండిపోయిందండీ" అని మొదలుపెట్టింది. ఆవిడ ఫోను తీసి, నల్ల గుడ్డ మీద సుద్ద రాత ఉన్న స్టేటస్ చూపించి అంది:

"పదో తారీఖు వరకు తీసుకుంటామని మీరే పెట్టారు. ఇవాళ తొమ్మిదే కదమ్మా?"

వదిన నా వైపు ఒక చూపు చూసి, పుస్తకం తనవైపు లాక్కుని, పేజీ అడుగున రెండు గీతలు గీసింది.